ఎస్ఎంసీకి వార్షిక నివేదిక: తల్లిదండ్రులకు అర్థమయ్యేలా రాయడం ఎలా

(స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో ప్రాథమిక పాఠశాలల ప్రధానోపాధ్యాయులతో చేసిన ప్రసంగ పాఠం)

తోటి ఉపాధ్యాయ మిత్రులందరికీ నమస్కారం.

ఏప్రిల్ వచ్చిందంటే మనందరికీ రిజిస్టర్లు, మార్కుల ఎంట్రీలు, టీసీలతో ఊపిరి సలపదు. ఆ టెన్షన్‌లో ఎస్ఎంసీకి, అంటే పాఠశాల యాజమాన్య కమిటీకి, ఇవ్వాల్సిన వార్షిక నివేదిక చివరికి మిగిలిపోతుంది. మండలానికి పంపిన ఫార్మాట్‌నే ప్రింట్ తీసి సభ్యుల ముందు పెట్టి సంతకాలు తీసుకుంటాం. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆ కమిటీలో కనీసం నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులు ఉండాలి, మొత్తంలో సగం మంది మహిళలు ఉండాలి. మన ఊళ్లలో వాళ్లలో చాలామంది కూలికి వెళ్లి వచ్చేవాళ్లు. కొందరికి చదవడం రాదు. కాబట్టి నివేదికను చదివి వినిపించడానికే రాయాలి. రెండు పేజీలు, పావుగంట, అంతకు మించితే ఎవరూ వినరు.

ముందుగా పిల్లల సంఖ్య. నా దృష్టిలో నివేదిక మొత్తానికి ఇదే మూలం. ఇక్కడ గట్టిగా నిలబడితే ఫలితాలూ డబ్బులూ వాటంతట అవే దారిలో పడతాయి. ఒక ఊరి ప్రాథమిక పాఠశాలను లెక్క కోసం ఊహించుకుందాం. పోయిన ఏప్రిల్‌లో రిజిస్టర్‌లో 112 మంది పిల్లలు. ఐదో తరగతి పూర్తయి 24 మంది హైస్కూల్‌కు వెళ్లారు. 88 మంది మిగిలారు. జూన్‌లో ఒకటో తరగతిలో 13 మంది, మిగతా తరగతుల్లో 7 మంది కొత్తగా చేరారు. ఆరుగురు టీసీ తీసుకుని వెళ్లారు. అంటే 102. సెప్టెంబరు 30 నాటికి పాఠశాలల వివరాలు ఆన్‌లైన్‌లో ఎక్కించే యూడైస్‌లో పడిన సంఖ్య అదే.

ఇప్పుడు బడిలో చూస్తే 99 మందే ఉన్నారు. ముగ్గురు పిల్లలు దసరా తర్వాత అమ్మానాన్నలతో ఇటుక బట్టీలకు వెళ్లారు. పేరు రిజిస్టర్‌లో ఉంది, పిల్లలు లేరు. చాలామంది ఇక్కడే తడబడతారు. 102 అని రాస్తే, ఊళ్లో ఎవరు ఉన్నారో ఎవరు లేరో తెలిసిన సభ్యులు తలలు ఊపుతారు గానీ నమ్మరు. 99 అని మాత్రమే రాస్తే, ఆన్‌లైన్‌లో వేరే ఉందేమిటని రేపు ఎవరో ఒకరు అడుగుతారు. రెండూ నిజమే. ప్రతి సంఖ్య పక్కన తేదీ రాస్తే గొడవే ఉండదు: ‘సెప్టెంబరు 30న 102 మంది. ఈరోజు 99 మంది. ముగ్గురు పనికోసం వలస వెళ్లిన కుటుంబాల పిల్లలు.’ పిల్లల పేర్లు మాత్రం నివేదికలో వద్దు.

పిల్లల సంఖ్య చెప్పాక హాజరు చెప్పాలి. ‘హాజరు 82 శాతం’ అంటే వినేవాళ్లకు ఏమీ తట్టదు. ‘పేరున్న ప్రతి వంద మందిలో రోజూ సుమారు 82 మంది వచ్చారు’ అంటే తడుతుంది. ఆ సంఖ్యను మధ్యాహ్న భోజనం రిజిస్టర్‌తో పోల్చి చూసుకోండి. హాజరు పట్టీలో రోజుకు 84 మంది, భోజనం రిజిస్టర్‌లో 71 మంది ఉంటే, ఆ తేడా ఎందుకో సమావేశానికి ముందే మీకు తెలియాలి. కొందరు పిల్లలు ఇంటికెళ్లి తింటారు, సరే. రోజూ అంత తేడా ఉందంటే మాత్రం రెండింటిలో ఏదో ఒకటి సరిగా రాయడం లేదని అర్థం.

ఇప్పుడు ఇదే సంఖ్య డబ్బును ఎలా పట్టుకుంటుందో చూడండి. బడి నిర్వహణ ఖర్చులకు ఇచ్చే సమగ్ర శిక్ష కాంపోజిట్ గ్రాంటు పిల్లల సంఖ్యను బట్టి వస్తుంది. 31 నుంచి 100 మంది ఉంటే ఏడాదికి 25 వేలు, 101 నుంచి 250 మంది ఉంటే 50 వేలు. మన ఊహా పాఠశాలలో ఇప్పుడున్న 99 మందిలో 21 మంది ఐదో తరగతి పిల్లలు. జూన్‌కు మిగిలేది 78. అంగన్‌వాడీ టీచర్‌ను అడిగితే ఈ జూన్‌కు ఒకటో తరగతి వయసుకొచ్చే పిల్లలు 17 మంది అని తేలిందనుకుందాం. అందరూ మన దగ్గరే చేరితే 95. బట్టీల నుంచి ఆ ముగ్గురూ తిరిగొస్తే 98. వంద దాటడానికి ఇంకో ముగ్గురు కావాలి. ఈ లెక్కను నివేదికలో నాలుగు వాక్యాల్లో పెట్టండి. ప్రైవేటు బస్సెక్కే పిల్లలు ఎవరి వీధిలో ఉన్నారో మనకంటే ఆ తల్లులకే బాగా తెలుసు. బడిబాటలో ఎవరి ఇంటికి వెళ్లాలో అక్కడే తేలిపోతుంది.

ఫలితాల దగ్గర గ్రేడ్ల పట్టిక చదవకండి. మూడో తరగతిని తీసుకుందాం, 19 మంది. ‘గత జూన్‌లో చిన్న పేరా తప్పుల్లేకుండా చదివినవాళ్లు నలుగురు. ఇప్పుడు 12 మంది. ఇంకా చదవలేనివాళ్లు ఏడుగురు.’ ఇంతే చాలు. పిల్లల చదవడం, లెక్కలు చూసే తొలిమెట్టు పరీక్షల షీట్లలో ఈ వివరం మన దగ్గర ఉంటుంది. పోల్చేటప్పుడు అదే పిల్లల జూన్‌నూ ఏప్రిల్‌నూ పోల్చాలి. నిరుటి మూడో తరగతితో ఈ ఏటి మూడో తరగతిని పోలిస్తే పిల్లలే వేరు, ఆ పోలికకు అర్థం లేదు. ఆ ఏడుగురి హాజరు కూడా చూడండి. అందులో ఐదుగురు తరచూ బడి మానేవాళ్లయితే ఆ మాట రాయండి, ఎందుకంటే దానికి మందు తరగతి గదిలో సగమే ఉంది. హాజరు బాగానే ఉన్నా చదవలేని మిగతా ఇద్దరి బాధ్యత మనది. అదీ రాయాలి.

కార్యక్రమాల గురించి రెండు వాక్యాలు చాలు. జెండా పండుగ, బాలల దినోత్సవం జరిగాయని వచ్చినవాళ్లకు తెలుసు. ఆరోగ్య తనిఖీలో ఎంతమందికి కంటి అద్దాలు అవసరమన్నారు, ఎంతమందికి అందాయి లాంటివి చెప్పండి.

డబ్బు దగ్గర మూడు మాటలు విడివిడిగా ఉండాలి: మంజూరైంది, విడుదలైంది, ఖర్చయింది. మన ఊహా పాఠశాలకు 112 మంది ఉన్నప్పటి లెక్కతో 50 వేలు మంజూరైంది. 25 వేలకే లిమిట్ వచ్చింది, అంటే విడుదలైంది అంతే. మార్చి 31లోపు ఖర్చయింది 24,300, మిగిలిన 700 వెనక్కి పోయింది. ఇప్పుడున్నది జీరో బ్యాలెన్స్ ఖాతా. పాస్‌బుక్‌లో డబ్బు కనిపించదు. ఈ సంగతి ముందే చెప్పకపోతే ‘50 వేలు వచ్చాయట, సార్ ఏం చేశాడో’ అన్న మాట ఊళ్లో పుడుతుంది. ఖర్చును పద్దుల పేర్లతో కాక పనుల పేర్లతో చెప్పండి: చాక్‌పీసులు, రిజిస్టర్లు, కాగితాలకు 6,800. మరుగుదొడ్ల శుభ్రతకు 5,200. బోరు మోటారు, కుళాయిలకు 7,900. ఫ్యాన్లు, స్విచ్‌బోర్డులకు 4,400. గ్రాంటులో కనీసం పదో వంతు శుభ్రతకు పోవాలి, ఇక్కడ అంతకంటే ఎక్కువే పోయింది. వోచర్ల ఫైలు, క్యాష్ బుక్ బల్ల మీద పెట్టండి. కూడినప్పుడు మొత్తం క్యాష్ బుక్‌తో రూపాయి తేడా లేకుండా కలవాలి.

చెల్లించాల్సినవి కూడా రాయండి. వంట చేసే అమ్మలకు రావాల్సిన బిల్లులు ఎన్ని నెలలవి, మీ జేబులోంచి పెట్టి ఇంకా తీసుకోనిది ఎంత అన్నది కమిటీకి తెలియాలి. మొహమాటపడి వదిలేస్తే, మీరు బదిలీ అయిన రోజున వాటికి ఆధారం ఉండదు. దాతలు ఇచ్చిన కంచాలు, బెంచీలను మాత్రం డబ్బులో కలపకండి. ఎవరు ఏమి ఎన్ని ఇచ్చారో విడిగా రాసి స్టాక్ రిజిస్టర్ పేజీ నంబరు వేయండి.

చదవడం అయ్యాక వెంటనే మినిట్స్ బుక్ తిప్పకండి. సభ్యులు అడిగిన ప్రశ్నలను, మీరిచ్చిన జవాబులను అందులో రాసి, చదివి వినిపించి, ఆ తర్వాతే సంతకాలు, వేలిముద్రలు తీసుకోండి. ఒక కాపీ నోటీసు బోర్డు మీద ఉంచండి. సెలవులకు గేటు మూసే ముందు రోజు కాకుండా, తల్లిదండ్రులు పనుల్లోంచి వచ్చే సాయంత్రం చూసుకుని ఏప్రిల్ రెండో వారంలోనే ఈ సమావేశం పెట్టండి. అప్పుడైతే ఎవరైనా తేడా చూపించినా రిజిస్టర్ తీసి సరిచూడటానికి బడి ఇంకా తెరిచే ఉంటుంది.